నలుగురి ముందు గొడవైన రాత్రి ఏం రాయాలి?

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న ఒక జంటను ఊహించుకుందాం. ఆదివారం భార్య పిన్నిగారింట్లో గృహప్రవేశం. వ్రతం అయింది, డాబా మీద షామియానా కింద భోజనాలు నడుస్తున్నాయి. ‘వచ్చే ఏడాదికి మేమూ ఒక ఫ్లాట్ చూసుకుంటాం పిన్నీ’ అంది ఆమె మాటవరసకి. పక్కనే కూర్చున్న భర్త విస్తరిలోంచి తలెత్తి, ‘ఏ డబ్బుతో? ఇంట్లో నెలకి ఎంత ఖర్చవుతోందో ఏ రోజైనా లెక్క చూశావా?’ అన్నాడు. బంతిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె ఊరుకోలేదు. ‘మీ తమ్ముడికిచ్చిన మూడు లక్షలు తిరిగొస్తే, ఆ డబ్బుతోనే’ అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మాటకి మాట పెరిగింది. ఎవరో పెద్దాయన ‘ఇక వదిలెయ్యండమ్మా’ అనేదాకా ఆగలేదు.

ఇంటికొచ్చాక ఇద్దరికీ మాటల్లేవు. మాట్లాడుకుందామన్నా చోటు లేదు. హాల్లో అత్తమామలు టీవీ చూస్తున్నారు, గదిలో పిల్లలు ఇంకా పడుకోలేదు. రాత్రి పదకొండుకి ఆమె చేతిలోకి ఫోన్ వచ్చింది.

ఒకే ఇంట్లో ఉంటూ మొగుడికి మెసేజ్ పెట్టడమేమిటని పాతకాలపు వాళ్లు నవ్వొచ్చు. కానీ గోడకి అవతల నలుగురు ఉన్న ఇంట్లో, అప్పటికే నలుగురిలో పడిన గొడవను మళ్లీ గొంతెత్తి మొదలుపెట్టడం కంటే అదే మర్యాద. చిక్కంతా ఆ మెసేజ్‌కి అప్పగించే పని దగ్గర వస్తుంది. చాలామంది దానితో గొడవను గెలవాలని చూస్తారు. నిజానికి అది చేయగలిగింది ఒక్కటే: ఇద్దరూ విడిగా కూర్చునే ఒక వేళను, ఒక చోటును ఖాయం చేయడం. ఎవరిది తప్పు, మూడు లక్షలు ఏమయ్యాయి, లెక్కలు ఎవరు రాయాలి అన్నవన్నీ ఆ కూర్చున్నప్పటి సంగతులు.

అసలు రాసే ముందు ఒంటి సంగతి చూసుకోవాలి. అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వవేత్త దశాబ్దాల పాటు భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, వాళ్ల మధ్య నలుగుతున్న తగాదా మీదే మాట్లాడించాడు. ఆ సేపంతా గుండె వేగం కొలిచే పరికరాలు వాళ్ల ఒంటికి తగిలించి ఉండేవి. వేగం నిమిషానికి 100 దాటిన మనిషికి ఎదుటివాళ్ల మాట సరిగా తలకెక్కదని, హాస్యం పని చేయదని, తప్పించుకోవడమో తిరగబడడమో తప్ప మూడో దారి తోచదని ఆయన గమనించాడు. ఒక ప్రయోగంలో తగాదా మధ్యలో ఆపి, పరికరాలు సరిచేయాలని చెప్పి, అరగంట సేపు పత్రికలు తిరగేస్తూ కూర్చోమన్నారు. మళ్లీ మొదలుపెట్టేసరికి గుండె వేగం తగ్గింది, మాటల తీరూ మారింది.

ఇందులో తేలిగ్గా జారిపోయే విషయం ఆ పత్రికలే. అరగంట గడవడం ఒక్కటే సరిపోదు, ఆ అరగంటా మనసు వేరే దాని మీద ఉండాలి. ‘అంత మాటంటాడా, అప్పుడు నేను ఇలా అని ఉండాల్సింది’ అని తవ్వుకుంటూ కూర్చుంటే గంట గడిచినా గుండె తగ్గదు. కనీసం 20 నిమిషాలైనా విరామం కావాలని, అయితే ఒక రోజుకి మించి సాగదీయొద్దని గాట్‌మన్ సలహా. అంట్లు తోముకోవడం, పిల్లవాడి యూనిఫాం ఇస్త్రీ చేయడం, పాత సినిమా పెట్టుకోవడం, ఏదైనా సరే. పుట్టింటికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పడం మాత్రం విరామం కిందికి రాదు. అది అదే గొడవను ఇంకో ప్రేక్షకురాలి ముందు మళ్లీ ఆడడం.

మన ఉదాహరణలోని ఆమె ఆగలేదు. మంచం మీద కూర్చుని గబగబా ఇలా టైప్ చేసింది:

‘ఇవాళ అందరి ముందు నా పరువు తీశారు. మీరెప్పుడూ ఇంతే. పోయిన సంక్రాంతికి మా అన్నయ్య ముందూ ఇలాగే చేశారు. మీకు నేనంటే లెక్కే లేదు. మీ అమ్మగారి పోలికే వచ్చింది. మాట్లాడాలని ఉంటే మాట్లాడండి, లేకపోతే లేదు.’

ఆరు వాక్యాల్లో నాలుగు తగాదాలున్నాయి: ఇవాళ్టిది, సంక్రాంతిది, తొమ్మిదేళ్ల కాపురానిది, అత్తగారిది. చదివే మనిషి వాటిలో తనకి తేలికైనదాన్ని పట్టుకుంటాడు. ‘ఎప్పుడూ ఇంతే’ అన్నచోట ఆగి, ఇలా చేయని ఒక సందర్భాన్ని వెతికి చూపిస్తాడు. లేదా ‘మా అమ్మ ఊసెందుకు’ అంటాడు. రెండింటిలో ఏది జరిగినా భోజనాల దగ్గరి మాట పక్కకిపోయినట్టే. చివరి వాక్యం ఇంకా చేటు. మాట్లాడుకుందామని అడగాల్సిన చోట బెదిరింపు పెట్టింది. అదృష్టం కొద్దీ అది పంపకుండా చెరిపేసింది. కాసేపటికి ఇంకోటి రాసింది:

‘నా లెక్కల గొప్పతనం మా వాళ్లందరికీ చెప్పినందుకు చాలా థాంక్సండీ. తీరిక దొరికితే ఎప్పుడైనా మాట్లాడుకుందాం. మీ ఇష్టం.’

ఇందులో తిట్టు లేదు కాబట్టి ఇది మర్యాదగా ఉందని ఆమె అనుకుంటుంది. నోటితో అంటే వెటకారానికి గొంతు తోడుంటుంది, అక్షరాలకి ఆ తోడు లేదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు దీన్ని ఈమెయిళ్ల మీద పరీక్షించారు. తాము వెటకారంగా రాశామో మామూలుగా రాశామో ఎదుటివాళ్లు నూటికి 78 సార్లు పట్టుకుంటారని రాసినవాళ్లు అనుకున్నారు. చదివినవాళ్లు పట్టుకున్నది 56 సార్లే. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 వస్తుంది మరి. అవే వాక్యాలు గొంతుతో వినిపించినప్పుడు మాత్రం ఊహకీ నిజానికీ పెద్ద తేడా రాలేదు. అయితే ఆలుమగల మధ్య వెటకారం అర్థం కాకపోతే ఒక కష్టం, అర్థమైతే ఇంకో కష్టం. అర్థమైనప్పుడు అది ఎత్తిపొడుపుగానే మిగులుతుంది, వెనకున్న బాధ కనపడదు. ‘ఎప్పుడైనా’, ‘మీ ఇష్టం’ అన్న మాటలైతే ఆ మాట్లాడుకోవడం అసలు జరగకుండా చూసుకుంటాయి.

మూడోసారి రాసే ముందు చేసుకోదగ్గ పని ఒకటుంది. అమెరికాలోనే ఎలి ఫింకెల్ బృందం 120 జంటలను రెండేళ్ల పాటు గమనించింది. రెండో ఏడాదిలో సగం జంటలకు ఒక చిన్న రాతపని ఇచ్చింది. ఈమధ్య జరిగిన గొడవను, ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి ఎలా చూస్తాడో ఏడు నిమిషాల పాటు రాయాలి. ఏడాదిలో మూడుసార్లు, అంటే మొత్తం 21 నిమిషాలు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం, మామూలుగా ఏళ్లు గడిచే కొద్దీ తగ్గుతూ పోయే దాంపత్య సంతృప్తి ఆ రాత రాసిన జంటల్లో తగ్గకుండా నిలిచింది. ఇదేమీ మంత్రం కాదు. కానీ మన గృహప్రవేశం విషయంలో ఆ మూడో మనిషి ఎవరో వెతుక్కోనక్కర్లేదు. ‘వదిలెయ్యండమ్మా’ అన్న పెద్దాయనే. ఆయన కళ్లతో చూస్తే ఆ బంతిలో ఒక మాట పడింది, దానికి బదులుగా ఇంకో మాట పడింది. మొదటిది భార్యను ఆమె పుట్టింటివాళ్ల ముందు చిన్నబుచ్చింది, రెండోది అక్కడ లేని ఒక మనిషి అప్పును బయటపెట్టింది. ఆమె మొదటి రెండు మెసేజ్‌లలోనూ ఈ రెండో సంగతి ఊసే లేదు.

ఆ పెద్దాయన కళ్లతో చూశాక మెసేజ్ ఇలా మారుతుంది:

‘ఏవండీ, మధ్యాహ్నం భోజనాల దగ్గర మీరు లెక్కల మాట అన్నప్పుడు పిన్ని వాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది, ఆ బాధ ఇంకా పోలేదు. మీ తమ్ముడి డబ్బు సంగతి నేనక్కడ ఎత్తకుండా ఉండాల్సింది, అది నా పొరపాటే. దీని గురించి మనిద్దరమే మాట్లాడుకుందాం. రేపు పిల్లలు పడుకున్నాక తొమ్మిదిన్నరకి మేడ మీదికి వస్తారా? రేపు కుదరకపోతే ఎప్పుడు వీలవుతుందో చెప్పండి. అప్పటిదాకా ఇంట్లో ఎవరి దగ్గరా ఈ మాట తీయను.’

మొదటి వాక్యంలో ఆరోపణ లేదు, జరిగింది ఉంది. వీడియో తీసి చూపిస్తే కనపడేదే అందులో ఉంది కాబట్టి కాదనడానికి వీల్లేదు. ‘పరువు తీశారు’ అంటే అతని ఉద్దేశానికి అంటగట్టినట్టు. ‘తల కొట్టేసినట్టయింది’ అంటే తన మనసు చెప్పినట్టు. దాన్ని ఎవరూ ఖండించలేరు. మూడో వాక్యమే అన్నింటికంటే కష్టమైనది, మెసేజ్‌ని చదివించేదీ అదే. అయితే తన తప్పు లేని చోట దాన్ని కల్పించుకుని రాయకూడదు. నిజంగా ఒక్క మాటా అనకుండా ఊరుకున్న మనిషి ఆ వాక్యం వదిలేయాలి. ‘నా వల్ల మీకు బాధ కలిగి ఉంటే సారీ’ అని రాస్తే తప్పు ఒప్పుకున్నట్టూ ఉండదు, లేదన్నట్టూ ఉండదు. చదివినవాళ్లకి చిరాకు మిగులుతుంది.

వేళ, చోటు ఇంత కచ్చితంగా రాయడం కొందరికి ఆఫీసు మీటింగులా తోస్తుంది. కానీ తగాదా తర్వాత ‘తర్వాత మాట్లాడదాం’ అన్న మాటకి తారీఖు ఉండదని అందరికీ తెలుసు. చోటు సంగతి మన ఇళ్లలో మరీ ముఖ్యం. రెండు గదుల ఫ్లాట్‌లో తలుపు వేసుకున్నా మాట ఆగదు. మేడ, అపార్ట్‌మెంట్ కింద ఆపి ఉంచిన కారు, రాత్రి భోజనమయ్యాక కాలనీలో రెండు చుట్లు, ఇవి పనికొస్తాయి. నడుస్తున్న కారు పనికిరాదు. ఒకరి కళ్లు రోడ్డు మీద ఉంటాయి, ఇంకొకరు దిగి వెళ్లలేరు. ఆ చివరి వాక్యం అతనికి ఇచ్చే ఊరట. తల్లిదండ్రుల ముందు మళ్లీ పంచాయితీ పెట్టరన్న భరోసా ఉంటేనే మనిషి మేడ ఎక్కుతాడు.

ఇదే మెసేజ్ భర్త రాయాల్సి వస్తే? ఆ బంతిలో అతనూ చిన్నబోయాడు కదా. ‘నిన్న మీ పిన్ని వాళ్ల ముందు తమ్ముడి డబ్బు మాట వచ్చినప్పుడు నాకు చాలా నామోషీ అనిపించింది. ముందు నేనే నిన్ను లెక్కల గురించి అన్నాను, అందరిలో అలా అనాల్సింది కాదు. రాత్రి తొమ్మిదిన్నరకి మేడ మీద మాట్లాడుకుందామా?’ ఇంతే. మగవాళ్లు ఇలా రాయరని అంటారు. ఇంతకంటే పెద్ద మెయిళ్లు ఆఫీసులో బాస్‌కి రోజూ రాస్తూనే ఉంటారు.

ఫోన్ విషయంలో రెండు జాగ్రత్తలు. చాట్ పెట్టెలో అరగంట టైప్ చేస్తూ కూర్చుంటే అవతలి ఫోన్‌లో ఆ సంగతి కనపడుతూనే ఉంటుంది. ఏ తుఫాను రాబోతోందోనని ఆ మనిషి ముందే బిగుసుకుంటాడు. కాబట్టి నోట్స్‌లో రాసుకుని, అక్కడి నుంచి కాపీ చేయడం మేలు. రెండోది, పంపే ముందు పైన పేరు చూసుకోవాలి. మొగుడికి పెట్టాల్సింది ‘మన కుటుంబం’ గ్రూపులో పడితే గొడవ మళ్లీ బంతిలోకి వెళ్లినట్టే. వాట్సాప్‌లో పంపినదాన్ని 15 నిమిషాల లోపు దిద్దుకోవచ్చు, అందరికీ కనపడకుండా తీసేయొచ్చు కూడా. కానీ తీసేసిన గుర్తు అక్కడ మిగిలిపోతుంది. దాని మీద ఊహలు మెసేజ్ కంటే పొడవుగా ఉంటాయి. అర్ధరాత్రి రాసినదాన్ని తెల్లారాక ఒకసారి చదువుకుని, అతను బండి మీదా మీటింగులోనూ లేని వేళ చూసి పంపడం మంచిది.

పంపాక నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. ఇది చాలా ఇళ్లలో జరిగేదే. ఒకరు వెంటపడడం, వెంటపడే కొద్దీ ఇంకొకరు ముడుచుకుపోవడం భార్యాభర్తల తగాదాల్లో తరచూ కనపడే తీరని ఆండ్రూ క్రిస్టెన్సన్ లాంటి పరిశోధకులు ఎప్పటి నుంచో రాస్తున్నారు. పది నిమిషాలకోసారి ‘చూశారా?’ అని గుచ్చితే ఆ చక్రం తిరగడం మొదలవుతుంది. మెసేజ్‌లో అడిగింది తొమ్మిదిన్నరకి కాబట్టి సాయంత్రం దాకా ఆగొచ్చు. మెసేజ్ అందుకున్న మనిషికీ ఒక బాధ్యత ఉంది. బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకోవడం జవాబు కాదు. ‘చదివాను. ఇవాళ ఆఫీసులో ఆలస్యమవుతుంది, రేపు తొమ్మిదిన్నరకి వస్తాను’ అంటే చాలు. తన వాదన అందులో రాయనక్కర్లేదు.

ఇంకో మాట. ఆ రాత్రి ఆమెకి అనిపించేది, చుట్టాలందరూ ఇప్పుడు దీని గురించే మాట్లాడుకుంటూ ఉంటారని. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో, వేసుకోవడానికి నామోషీగా ఉండే ఒక గాయకుడి బొమ్మ చొక్కా తొడిగి విద్యార్థులను తోటివాళ్లున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది తమ చొక్కాను గుర్తుపట్టి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గుర్తుపట్టింది పావు వంతు మందే. బంతిలో గొంతెత్తి పోట్లాడుకోవడం చొక్కా కాదు, అందరూ చూసే ఉంటారు. కానీ ఆమె తలలో తిరుగుతున్నంత సేపు అది వాళ్ల తలల్లో తిరగదు. తర్వాత వడ్డించిన గుత్తివంకాయ కూర బాగుందా లేదా అన్న చర్చ దాన్ని సగం తుడిచేసి ఉంటుంది. ఇది గుర్తుంటే మెసేజ్‌లో ‘ఊరంతా నవ్వుకుంటోంది’ లాంటి వాక్యాలు పడవు.

ఈ పద్ధతి పనికిరాని ఇళ్లూ ఉన్నాయి. ఒకసారి మాట జారడం వేరు, ప్రతి పెళ్లిలోనూ పేరంటంలోనూ భార్యను నవ్వులపాలు చేయడమే అలవాటుగా పెట్టుకోవడం వేరు. విడిగా మాట్లాడాలంటే ఆమెకి భయం వేస్తున్నా, ఇలాంటి మెసేజ్ పెట్టినందుకు ఇంకా పెద్ద శిక్ష పడుతున్నా, అది సంభాషణతో తేలే విషయం కాదు. పిల్లలు లేరనో, మగపిల్లాడు లేడనో ఎత్తిపొడవడంతో సహా అవమానించడం, ఎగతాళి చేయడం 2005 నాటి గృహహింస చట్టం కింద మాటలతో, మానసికంగా పెట్టే హింసగానే లెక్క. అలాంటి స్థితిలో మేడ మీదికి ఒంటరిగా పిలవడం కంటే 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం సరైన పని.

మన జంట దగ్గరికి వద్దాం. తొమ్మిదిన్నరకి మేడ మీదికి ఇద్దరూ చేరారనుకుంటే, మొదటి మూడు నిమిషాలు ముఖ్యం. గాట్‌మన్, సిబిల్ కారేర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో 124 కొత్త జంటల తగాదా సంభాషణల్లో మొదటి మూడు నిమిషాలు చూసి, ఆరేళ్లలో ఎవరు విడిపోయారో ఎవరు కలిసున్నారో చాలా వరకు వేరు చేయగలిగారు. దాన్ని జాతకంలా తీసుకోనక్కర్లేదు గానీ, గట్టిగా మొదలైన మాట మధ్యలో మెత్తబడడం అరుదన్నది ఎవరింట్లోనైనా చూడొచ్చు. కాబట్టి ఆమె మెసేజ్‌లోని మొదటి రెండు వాక్యాలనే మళ్లీ నోటితో చెబితే చాలు. కొత్త ఉపోద్ఘాతం వద్దు. తర్వాత అతన్ని చెప్పనివ్వాలి. ఒకవేళ అతను ‘నెల నెలా ఈఎంఐలు కట్టేది నేను, ఫ్లాట్ అనగానే గుండె ఆగినంత పనైంది’ అంటే, ఎగతాళి వెనక ఉన్నది భయమని అప్పుడు తెలుస్తుంది. అది తెలిసినంత మాత్రాన ఎగతాళి ఒప్పైపోదు, ఆ సంగతీ ఆమె చెప్పొచ్చు.

ఆ రాత్రి మూడు లక్షల విషయం తేల్చాలని చూడకూడదు. రెండూ కలిస్తే డబ్బు మాటే గెలుస్తుంది, అవమానం మాట మిగిలిపోతుంది. దానికి ఆదివారం ఒక గంట వేరే పెట్టుకోవచ్చు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఖర్చుల పుస్తకం ముందేసుకుని. మేడ మీద తేల్చుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. ఇకమీదట నలుగురిలో డబ్బు మాట వస్తే ఎలా ఆపాలన్నది మొదటిది. ‘అది ఇంటికెళ్లాక చూద్దాం’ అని ఎవరన్నా రెండోవాళ్లు అక్కడితో ఆగాలని ఒప్పందం చేసుకుంటే చాలు.

రెండోది, చూసినవాళ్లకి ఏం చెప్పాలన్నది. అందరిలో అన్నవాడు అందరిలోనే క్షమాపణ చెప్పాలని ఆమె కోరితే అది అన్యాయమేమీ కాదు. కాకపోతే బంతిలో ఉన్న ముప్పై మందికీ ఫోన్లు చేస్తే మర్చిపోయినవాళ్లకి కూడా గుర్తుచేసినట్టవుతుంది. ఆమెకి ఎవరి ముందు ఎక్కువ చిన్నతనమైందో అడిగి, ఆ ఒక్కరితో మాట్లాడడం మేలు. ఆమె పిన్ని పేరు చెబుతుందనుకుందాం. వచ్చే వారం ఫొటోలు ఇవ్వడానికి పిన్ని వచ్చినప్పుడు, ‘ఆ రోజు నేను తొందరపడి నోరు జారానత్తయ్యా, ఇంటి లెక్కలన్నీ తనే చూస్తుంది’ అని భార్య వినేలా అతను అంటే సరిపోతుంది. తమ్ముడి చెవిన ఆ మూడు లక్షల మాట పడిందా లేదా అన్నది మాత్రం అతనే కనుక్కోవాలి. పడి ఉంటే అతనికి ఫోన్ చేయాల్సింది ఆమే.